ఫొటోల్లో దస్తావేజు, ఒక్క పేజీలో సారం

ఇంటిస్థలం బేరం కుదిరేలోపే అమ్మేవాళ్ల పాత దస్తావేజు వాట్సాప్‌లో ఫొటోలుగా వచ్చేస్తోంది. పదిసార్లు వేళ్లతో పెద్దది చేసి చూసినా అందులో ఏముందో బుర్రకెక్కదు. దాన్ని ఒక పట్టికగా రాసుకుంటే ఏం ఉందో, ఏం లేదో తెలిసిపోతుంది. రాసే పద్ధతి మాత్రం తెలియాలి.

ముందు చూడాల్సింది అన్ని కాగితాలూ వచ్చాయా అని. మన రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో ప్రతి కాగితం వెనక సబ్ రిజిస్ట్రార్ ముద్ర ఉంటుంది. దస్తావేజు నెంబరు, సంవత్సరం, మొత్తం కాగితాల సంఖ్య, ఈ కాగితం వరుస సంఖ్య అందులో ఉంటాయి. మొత్తం 8 అని ఉండి మనకు ఏడే వస్తే, రానిది షెడ్యూలు పేజీయే కావచ్చు. చాలామంది ముందువైపు మాత్రమే ఫొటో తీసి పంపుతారు. వెనకవైపు కూడా అడగండి. ఎవరు హాజరై సంతకం పెట్టారో, వేలిముద్ర వేశారో అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు ఒక నమూనా చూద్దాం. 2009లో రాసిన దస్తావేజు. అమ్మినవాళ్లు ఇద్దరు అన్నదమ్ములు. తమ్ముడు విదేశంలో ఉంటే, అతని తరఫున జీపీఏ హోల్డరుగా అన్నే సంతకం పెట్టాడు. పట్టికలో ఒక్క అన్న పేరే రాస్తే ఆస్తిలో సగం హక్కుదారు మాయమవుతాడు. ఇద్దరి పేర్లూ రాసి, జీపీఏ నెంబరు, అది ఎక్కడ రిజిస్టరైందో కూడా రాయాలి.

షెడ్యూలు దగ్గర సొంత మాటలు వద్దు. సర్వే నెంబరు, హద్దులు, కొలతలు ఉన్నవి ఉన్నట్టు దించాలి. మన దస్తావేజులో తూర్పు పడమరలు 33 అడుగులు, ఉత్తర దక్షిణాలు 66 అడుగులు. కాగితం మడత దగ్గర 33 అన్నది 38లా కనపడుతోంది. ఏది నమ్మాలి? విస్తీర్ణం 242 చదరపు గజాలు, అంటే 5 సెంట్లు అని అక్షరాల్లోనూ ఉంది. 33ని 66తో గుణిస్తే 2,178 చదరపు అడుగులు; తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 242 గజాలు. 38 వేస్తే దాదాపు 279 గజాలు వస్తాయి. కాబట్టి అది 33. ఇలా లెక్కతో తేలని అంకె ఉంటే గడిలో ‘స్పష్టంగా లేదు’ అని రాయాలి తప్ప ఊహించి నింపకూడదు.

ధర దగ్గర రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి అమ్మకం ప్రతిఫలం, రెండోది ప్రభుత్వ మార్కెట్ విలువ. స్టాంపు సుంకం ఈ రెండింట్లో ఎక్కువదాని మీద కడతారు కనుక రెండోదీ కాగితాల్లో ఉంటుంది. ధర గడిలో ప్రతిఫలమే రావాలి. దాంతోపాటు అది ఎలా ముట్టిందో కూడా రాయాలి. బాకీ మిగిలి, దానికి గడువు పెట్టారంటే అది చిన్న విషయం కాదు: ఆ బాకీకి ఆస్తి మీద అమ్మినవాళ్లకు హక్కు ఉంటుంది.

అసలు పని షరతుల దగ్గర. ‘షరతులు’ అని విడిగా శీర్షిక ఉండదు. మన నమూనాలో అది హద్దుల కింద ఒక వాక్యంలో దాక్కుంది: తూర్పు వైపు 3 అడుగుల వెడల్పున ఉమ్మడి సందుకు స్థలం వదలాలి. 3ని 66తో గుణిస్తే 198 చదరపు అడుగులు, అంటే 22 గజాలు. కొన్నది 242, కట్టుకోగలిగేది 220 గజాల్లోనే. బేరగాడు ఈ మాట చెప్పడు, పట్టిక చెబుతుంది.

| అంశం | దస్తావేజులో ఉన్నది | ఎక్కడ |
|---|---|---|
| అమ్మినవారు | అన్న. తమ్ముడి తరఫున జీపీఏ హోల్డరుగా కూడా అన్నే. జీపీఏ నెంబరు స్పష్టంగా లేదు | 1వ కాగితం |
| కొన్నవారు | ఒక్కరు | 1వ కాగితం |
| ఆస్తి | 33 × 66 అడుగులు, 242 చ.గ. (5 సెంట్లు), హద్దులు యథాతథంగా వేరే కాగితంపై | 6వ కాగితం |
| ధర | రూ. 6,05,000, అడ్వాన్సు 50,000, డీడీ 5,55,000, బాకీ లేదు | 3వ కాగితం |
| షరతులు | తూర్పున 3 అడుగుల ఉమ్మడి సందు. హక్కు వివాదం వస్తే ఖర్చు అమ్మినవారిదే | 6, 4 కాగితాలు |

మూడో గడి అనవసరం అనిపిస్తుంది కానీ, లాయరు ముందు కూర్చున్నప్పుడు అదే పనికొస్తుంది.

‘తాకట్టు, జప్తు ఏవీ లేవు’ అన్న వాక్యం దాదాపు ప్రతి దస్తావేజులో ఉంటుంది. అది అమ్మినవాళ్ల హామీ మాత్రమే. దాన్ని ‘అప్పులు లేవు’ అని పట్టికలో ఎక్కించకండి, ‘లేవని అమ్మినవారు చెప్పారు’ అని రాయండి. 2009 తర్వాత ఆ స్థలం మీద ఏం జరిగిందో ఆ కాగితానికి తెలియదు. అందుకే పట్టిక పూర్తయ్యాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీయించండి. ‘స్పష్టంగా లేదు’ అన్న గడులు ఆ కాపీ చూసి నింపాకే అడ్వాన్సు మాట ఎత్తండి.