స్పాన్సర్‌కు లెక్క చెప్పే ఉత్తరం

వేదిక మీద శాలువా కప్పి, జ్ఞాపిక చేతిలో పెట్టి ఫొటో దిగితే స్పాన్సర్లకు కృతజ్ఞత చెప్పడం అయిపోయిందని మన వ్యాపార సంఘాల్లో చాలామంది అనుకుంటారు. వారం పది రోజుల తర్వాత లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం వెళుతుంది. మీ అమూల్యమైన సహకారంతో ప్రదర్శన దిగ్విజయంగా ముగిసిందనీ, ఇక ముందు కూడా ఇలాగే ఆదరించాలనీ అందులో ఉంటుంది. దాన్ని అందుకున్న కంపెనీలో ఎవరు చదువుతారు, చదివి ఏం చేస్తారు అన్నది రాసినవాళ్లు ఆలోచించినట్టు కనిపించదు.

ముందుగా చదివేది ఆ డబ్బు మంజూరు చేయించిన మార్కెటింగ్ మేనేజరు. ‘అంత ఇచ్చాం కదా, ఏం వచ్చింది’ అని పైవాళ్లు అడిగితే ఆయన చూపించాల్సిన కాగితం ఇదే. తర్వాత అకౌంట్స్ విభాగం చూస్తుంది. ఏడాది గడిచాక, మేనేజరు బదిలీ అయితే, ఆ కుర్చీలోకి కొత్తగా వచ్చినవారు పాత ఫైలు తిరగేస్తారు. ఆయన ప్రదర్శన చూడలేదు, శాలువా కప్పించుకోలేదు. ఆయనకు దొరికేది ఆ ఉత్తరం ఒక్కటే. కాబట్టి దాన్ని ఈ ముగ్గురినీ దృష్టిలో పెట్టుకుని రాయాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నల్గొండ జిల్లా మిర్యాలగూడ లాంటి, రైస్ మిల్లులు బారులు తీరిన ఊళ్లో మిల్లర్ల సంఘం రెండు రోజుల యంత్రాల ప్రదర్శన పెట్టిందనుకుందాం. బియ్యంలోంచి నల్ల గింజల్ని, రంగు మారిన గింజల్ని ఏరివేసే సార్టెక్స్ యంత్రాలు అమ్మే కంపెనీ ఒకటి ప్రధాన స్పాన్సర్‌గా 5 లక్షల రూపాయలు ఇచ్చింది. ఒక బ్యాంకు, సంచులు చేసే కంపెనీ, భోజనాల ఖర్చు భరించిన విడిభాగాల డీలరు మిగతావాళ్లు. ఈ అంకెలన్నీ ఉదాహరణ కోసం అనుకున్నవే. లెక్క చెప్పే పద్ధతి మాత్రం ఏ ప్రదర్శనకైనా సరిపోతుంది.

సంఘం మొదట రాయబోయే వాక్యం ‘మూడు వేల మందికి పైగా సందర్శించారు’ అని. గేటు దగ్గర బ్యాడ్జీలు స్కాన్ చేసిన లెక్క నిజంగానే 3,100 చూపిస్తోంది. అయితే అది ఎన్నిసార్లు లోపలికి వచ్చారన్న లెక్క. టీ తాగడానికి బయటికెళ్లి మళ్లీ వచ్చిన మనిషి రెండుసార్లు పడ్డాడు, రెండో రోజూ వచ్చినవాడు మూడోసారి పడ్డాడు. ఒక్కొక్కరినీ ఒక్కసారే లెక్కిస్తే తేలింది 1,900 మంది. వాళ్లలో స్టాళ్ల సిబ్బంది, ఐటీఐ విద్యార్థులు, మిల్లర్ల ఇంటివాళ్లు పోతే, మిల్లు యజమానులూ మేనేజర్లూ 420 మంది, యంత్రాలు నడిపే ఆపరేటర్లూ మెకానిక్కులూ మరో 610 మంది. ప్రపంచ ప్రదర్శనల సంఘం యూఎఫ్ఐ కూడా తన ఆడిట్ పద్ధతిలో సందర్శకులు వేరు, సందర్శనలు వేరు అని విడదీస్తుంది.

సార్టెక్స్ అమ్మేవాళ్లకు 3,100తో పనిలేదు. వాళ్లకు కావాల్సింది ఆ 420. చిన్న అంకె కదా అని సంఘం దాన్ని దాచుకుంటే నష్టపోయేది సంఘమే. తన స్టాల్‌కు ఎంతమంది వచ్చారో కంపెనీ సేల్స్ కుర్రాళ్లు తమ పుస్తకంలో రాసుకునే ఉంటారు. అక్కడ 190 పేర్లు ఉంటే, 3,100లో 190 అంటే ప్రదర్శన తేలిపోయినట్టు కనిపిస్తుంది. 420లో 190 అంటే దాదాపు సగం మంది కొనుగోలుదారులు స్టాల్ తొక్కారన్నమాట. నిజమైన అంకెలోనే స్పాన్సర్‌కు ఎక్కువ మేలు కనిపిస్తోంది.

ఇక అసలు విషయం. మీరిచ్చిన డబ్బుతో ఏం జరిగింది? ప్రదర్శన మొత్తం ఆ 5 లక్షలతోనే జరగలేదు. షామియానాలు, స్టాళ్లు స్టాళ్ల అద్దెతోనే వచ్చేవి. స్పాన్సర్ లేకపోతే జరగకుండా పోయేది ఏమిటో వెతికి పట్టుకుని, అదే రాయాలి. మన ఉదాహరణలో అది నమూనా పరీక్షల షెడ్డు. మిల్లరు తన బియ్యం సంచి తెచ్చుకుని యంత్రంలో పోయించుకుంటాడు. చెడ్డ గింజలు ఎన్ని పోయాయన్నది అతను ఒక చూపు చూస్తాడు గానీ, అతని కళ్లు ఉండేది పక్కకు పడే రిజెక్షన్ మీద. దాన్ని దోసిట్లోకి తీసుకుని, నల్ల గింజలతో పాటు మంచి గింజలు ఎన్ని కొట్టుకుపోయాయో వేలితో విడదీసి చూస్తాడు. ప్రభుత్వానికి ఇచ్చే సీఎంఆర్ లెక్కలో క్వింటాలు ధాన్యానికి పచ్చిబియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పజెప్పాలి. అక్కడ కిలో మంచి బియ్యం రిజెక్షన్‌లోకి పోయినా ఆ లోటు మిల్లరు జేబులోంచే పోతుంది. అందుకే ఆ దోసిలి దగ్గరే బేరం కుదురుతుంది, లేదా చెడిపోతుంది.

ఇదంతా తెలిసినవాళ్లు రాస్తే ఆ ఉత్తరంలోని ముఖ్యమైన పేరా ఇలా ఉంటుంది:

‘మీరు ఇచ్చిన 5 లక్షల్లో 3 లక్షల 60 వేలు నమూనా పరీక్షల షెడ్డుకు, దానికి కావాల్సిన కరెంటు లైనుకు, కంప్రెసర్ అద్దెకు ఖర్చయ్యాయి. మిగతా లక్షా 40 వేలు ఆపరేటర్ల శిక్షణకు వాడాం. 64 మిల్లుల వారు తమ సొంత బియ్యం తెచ్చి పరీక్షించుకున్నారు. మీ సిబ్బంది ఇచ్చిన వివరాల ప్రకారం వారిలో 11 మంది కొటేషన్ అడిగారు, ఇద్దరు అడ్వాన్సు ఇచ్చారు. ఒప్పందంలో ఆరు శిక్షణ తరగతులు రాసుకున్నాం, నాలుగే జరిగాయి. రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది, మేం తెచ్చిన జనరేటరు ఆ లోడు మోయలేకపోయింది. ఆ రెండు తరగతులనూ వచ్చే నెలలో సంఘం ఖర్చుతో, మీరు చెప్పిన మిల్లులోనే పెడతాం.’

ఇందులో మూడు విషయాలు గమనించాలి. డబ్బు ఎక్కడికి పోయిందో కూడితే సరిగ్గా 5 లక్షలు వస్తుంది. అడ్వాన్సుల లెక్క ఎవరిదో చెప్పారు. ‘మా ప్రదర్శన వల్ల రెండు యంత్రాలు అమ్ముడుపోయాయి’ అనలేదు, ఎందుకంటే ఆ ఇద్దరు మిల్లర్లు ఆరు నెలలుగా కంపెనీతో బేరమాడుతూ ఉండి ఉండవచ్చు. మూడోది, జరగని తరగతుల సంగతి దాచలేదు. నాకు ఆ పేరాలో అన్నిటికన్నా విలువైన భాగం అదే అనిపిస్తుంది. తరగతులు రద్దయిన సంగతి కంపెనీ మనుషులకు ఎలాగూ తెలుసు, వాళ్లు అక్కడే ఉన్నారు. ఉత్తరంలో అది లేకపోతే మిగతా అంకెల్ని కూడా నమ్మరు.

ఉత్తరం బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పైన కంపెనీ పేరు చెరిపేసి, భోజనాల డీలరు పేరు పెట్టి చదవండి. ఉత్తరం అప్పటికీ సరిపోతే, అది ఎవరికీ రాసిన ఉత్తరం కాదు. డీలరుకు చెప్పాల్సింది వేరు: రెండు పూటలా ఎంతమంది తిన్నారు, ఆయన విడిభాగాల కేటలాగులు బల్లల మీద ఎన్ని పెట్టారు, ఎన్ని మిగిలాయి. బ్యాంకుకు చెప్పాల్సింది ఇంకా వేరు. నాలుగు ఉత్తరాలు విడివిడిగా రాయడానికి ఒక పూట పడుతుంది, అంతే.

పత్రికల్లో వచ్చిన వార్తల్ని స్థలం కొలిచి, ప్రకటన రేటుతో గుణించి, ‘ఇన్ని లక్షల విలువైన ప్రచారం లభించింది’ అని రాయడం మన దగ్గర ఇంకా ఉంది. ప్రచారాన్ని కొలిచే వృత్తిలోని వాళ్లే 2010లో బార్సిలోనాలో సమావేశమై ఈ లెక్క చెల్లదని తేల్చేశారు. వార్త కత్తిరింపులు జతచేయండి, చాలు. ఫొటోలు కూడా బ్యానరు ఒక్కటే కనబడేవి కాకుండా, బ్యానరు కింద మనుషులు యంత్రం చుట్టూ మూగి ఉన్నవి రెండు మూడు ఏరి పంపితే సరిపోతుంది.

అకౌంట్స్ విభాగం సంగతికి వస్తే, ‘మీరు ఉదారంగా ఇచ్చిన విరాళం’ అని రాయడం మర్యాదగా వినిపించినా చిక్కు తెస్తుంది. స్పాన్సర్‌షిప్ అంటే బ్యానరు మీద పేరు వేసినందుకు పుచ్చుకున్న ప్రతిఫలం, అది జీఎస్టీ కింద సేవ. సంఘం సొసైటీగా నమోదై ఉండి, డబ్బిచ్చింది కంపెనీ అయితే ఆ 18 శాతం పన్ను రివర్స్ ఛార్జి పద్ధతిలో కంపెనీయే కట్టుకోవాలి. సంఘమే కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థ అయితే, 2025 జనవరి 16 నుంచి తన బిల్లులోనే పన్ను వేసి కట్టాలి. ఉత్తరంలో విరాళమనీ, బిల్లులో స్పాన్సర్‌షిప్ అనీ ఉంటే ఆడిటరు ఆగిపోతాడు. కొన్ని సంఘాలు ‘మీ సీఎస్ఆర్ నిధులతో’ అని కూడా రాసేస్తుంటాయి. తమ సరుకు ప్రచారం కోసం స్పాన్సర్ చేసిన పనులు సీఎస్ఆర్ లెక్కలోకి రావని 2021లో సవరించిన నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఆ మాట రాసి కంపెనీని ఇరుకున పెట్టకూడదు.

అందిన మొత్తం కూడా సరిగ్గా రాయాలి. 5 లక్షల మీద 2 శాతం టీడీఎస్ కోసుకుంటే బ్యాంకులో పడేది 4 లక్షల 90 వేలు. ‘4 లక్షల 90 వేలు అందాయి’ అని మాత్రమే రాస్తే పది వేలు ఎగ్గొట్టినట్టుంటుంది. ‘10 వేలు టీడీఎస్ పోను’ అన్న ముక్క చేరిస్తే ఇద్దరి పుస్తకాలూ కలుస్తాయి.

వచ్చినవాళ్ల ఫోన్ నంబర్ల జాబితా జతచేయమని స్పాన్సర్లు అడగడం మామూలే. నమోదు ఫారంలో ‘నా వివరాలు స్పాన్సర్లకు ఇవ్వవచ్చు’ అని విడిగా టిక్కు పెట్టినవాళ్లవి మాత్రమే ఇవ్వాలి. వ్యక్తుల అనుమతి లేకుండా వివరాలు పంచుకోవడాన్ని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఒప్పుకోదు. ఆ టిక్కు గడి ప్రదర్శనకు ముందే ఫారంలో ఉండాలి, తర్వాత గుర్తొస్తే చేయగలిగింది లేదు.

ఎప్పుడు పంపాలంటే, ప్రదర్శన అయిన రెండు మూడు రోజుల్లో నాలుగు వాక్యాల ధన్యవాదం, నెలలోపు ఈ లెక్కల ఉత్తరం. మన కంపెనీలకు ఆర్థిక సంవత్సరం మార్చితో ముగుస్తుంది గనక, డిసెంబరు ప్రదర్శన లెక్క జనవరిలో చేరితే వచ్చే ఏడాది బడ్జెట్ వేసే చేతుల్లో అది ఉంటుంది. ఏప్రిల్లో చేరిన ఉత్తరానికి ఆ అవకాశం లేదు. వచ్చే ఏడాది డబ్బు సంగతి ఇందులో అడగకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ప్రదర్శన తేదీలు ఖాయమైతే చివర్లో ఒక వాక్యంలో తెలియజేసి ఊరుకోవాలి.

సంతకం అధ్యక్షుడు ఒక్కరే పెట్టడం ఆనవాయితీ. అంకెలున్న ఉత్తరం కాబట్టి కోశాధికారి సంతకం కూడా పక్కన ఉండాలి. పంపే ముందు ఆయన చేత బిల్లులు ముందు పెట్టుకుని ఒకసారి చదివించండి.