సంక్రాంతి ముందు పాత ఖాతాదారుకు ఒక మెయిల్

గోదావరి జిల్లాల్లో అరిసెలు, సున్నుండలు, పూతరేకులు చేసి బెంగళూరు, హైదరాబాదులకు పార్సిల్ పంపే ఒక మిఠాయి దుకాణం ఉందనుకుందాం. ఏటా కొనే కొందరు కిందటి సంక్రాంతికి ఏమీ తెప్పించుకోలేదు. వాళ్లకు ఇప్పుడు మెయిల్ రాయాలి.

ముందుగా జాబితా చూసుకోవాలి. పండగకు మాత్రమే కొనే మనిషి ఆరు నెలలు కనిపించకపోయినా దూరమైనట్టు కాదు. ఒక పండగ దాటిపోతేనే ఆ మాట అనాలి. పార్సిల్ విరిగి వచ్చిందని ఫిర్యాదు చేసి జవాబు అందని వాళ్లకు పండగ మెయిల్ పంపితే పుండు మీద కారం చల్లినట్టే. ముందు ఆ ఫిర్యాదు తీర్చాలి. పార్సిల్ వేరొకరి చిరునామాకు వెళ్లి ఉంటే మరింత జాగ్రత్త అవసరం. అది అమ్మానాన్నలకు పంపినది కావచ్చు, వాళ్లు ఇప్పుడు లేకపోనూవచ్చు. అలా పంపిన ఖాతాదారులకు పాత ఆర్డరు గుర్తుచేయకుండా, ఈసారి దుకాణంలో ఏమేం చేస్తున్నారో మాత్రమే రాయడం మంచిది.

తర్వాత తేదీ. దీన్ని భోగి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. భోగి జనవరి 14న అనుకుంటే, పార్సిల్ చేరడానికి నాలుగు రోజులు, వండి కట్టడానికి రెండు రోజులు పోతాయి. అంటే ఆర్డర్లకు చివరి రోజు 8. ఇంట్లో మాట్లాడుకుని తేల్చుకోవడానికి వారం ఇవ్వాలి కాబట్టి మెయిల్ 1న వెళ్లాలి. పండగకు మూడు రోజుల ముందు వెళ్లేది ఎంత బాగా రాసినా పనికిరాదు.

ఇక రాత. “మమ్మల్ని మర్చిపోయారా?” అనకూడదు. కొనకపోవడానికి ఇంట్లో షుగరు, ఊరు మారడం, ఖర్చులు, ఏ కారణమైనా ఉండొచ్చు. సంజాయిషీ అడిగే హక్కు దుకాణానికి లేదు. ఇలా రాస్తే చాలు:

“నమస్తే అండీ. సంక్రాంతికి నువ్వులద్దిన నేతి అరిసెలు చేస్తున్నాం. ఇదివరకు మీరు తెప్పించుకున్నవి ఇవే. 8వ తేదీలోగా చెబితే భోగి నాటికి బెంగళూరు చేరతాయి. ఈ మెయిళ్లు వద్దనుకుంటే కింద ఒక్కసారి నొక్కండి, ఆపేస్తాం.”

ఇందులో వస్తువు పేరు ఉంది. ఏ తేదీన కొన్నారు, ఎంత బిల్లయింది అన్నవి లేవు. అవి రాస్తే ఆప్యాయత పోయి నిఘాలా అనిపిస్తుంది. వద్దనే బటన్ మర్యాద కోసమే కాదు. పెద్ద సంఖ్యలో ప్రచార మెయిళ్లు పంపేవాళ్లు ఒక్క నొక్కుతో ఆపుకునే వీలు ఇవ్వాలని జీమెయిల్, యాహూ 2024లో నిబంధన పెట్టాయి. ఆ దారి కనిపించని మనిషి స్పామ్ అని నొక్కుతాడు. అలాంటివి పెరిగితే, ఇష్టంగా కొనేవాళ్లకు పంపినవి కూడా స్పామ్‌లోకే పోతాయి.

ఫలితాన్ని ఎంతమంది మెయిల్ తెరిచారన్న అంకెతో కొలవకండి. ఆపిల్ ఫోన్లలోని గోప్యతా ఏర్పాటు వల్ల, తెరవని మెయిల్ కూడా తెరిచినట్టే నమోదు కావచ్చు. ఆర్డర్లు లెక్కపెట్టండి. 6న ఒక్కసారి, ఇంకా ఆర్డరు ఇవ్వని వాళ్లకు మాత్రమే గుర్తుచేయండి. దానికీ బదులు రాకపోతే ఈ పండక్కి ఇక రాయకండి.