చివరి లెక్క మనదే కావాలి

బాలిలో దిగి కూటా, లెగియన్ వీధుల్లో నడుస్తుంటే అడుగడుగునా డబ్బు మార్పిడి బోర్డులే. కొన్ని గాజు తలుపులు, ఏసీ ఉన్న ఆఫీసులు. మరికొన్ని టీషర్టుల కొట్లోనో, బొమ్మల కొట్లోనో వెనక మూల వేసుకున్న చిన్న బల్లలు. బోర్డు మీద రేటు చూస్తే ఆ బల్లల దగ్గరే ఎక్కువ. ‘కమిషన్ లేదు’ అని కూడా రాసి ఉంటుంది. పర్యాటకుల జేబుకు చిల్లుపడేది ఎక్కువగా అక్కడే.

లెక్క వేసుకుంటే సంగతి తెలుస్తుంది. ఆ రోజు డాలరుకు బయట 16,000 ఇండోనేషియా రూపియాలు వస్తున్నాయనుకుందాం. బల్ల దగ్గర బోర్డు మీద 16,400 ఉంది. 200 డాలర్లు మారిస్తే అదనంగా వచ్చేది 80 వేల రూపియాలు, అంటే అయిదు డాలర్లు. అంత లాభం మనకు వదిలేసి అతను కొట్టు నడుపుతున్నాడంటే, అది మరోచోట రాబట్టుకుంటున్నాడనే అర్థం.

ఎలాగో చూద్దాం. 200 డాలర్లకు 32 లక్షల 80 వేలు రావాలి. లక్ష నోట్లయితే 32 ఇచ్చి, మిగతా 80 వేలు చిల్లర ఇస్తే సరిపోతుంది. అతను మాత్రం లక్ష నోట్లు లేవంటాడు. 50 వేల నోట్లు 65, ఒక 20 వేల నోటు, ఒక 10 వేల నోటు తీస్తాడు. పది లక్షలకు ఒక కుప్ప చొప్పున బల్ల మీద పేరుస్తూ మన కళ్ల ముందే లెక్కపెడతాడు. మనల్నీ లెక్కపెట్టుకోమంటాడు. ఒక నోటు తక్కువొస్తుంది. ‘అయ్యో, సారీ’ అంటూ ఆ నోటు తెచ్చి కలుపుతాడు. కలపడానికి కట్ట మళ్లీ తన చేతిలోకి తీసుకుంటాడు చూడండి, కనికట్టు జరిగేది అక్కడే. అంచులు సరిచేస్తున్నట్టు కట్టను బల్లకేసి తట్టుతాడు. ఆ తట్టడంలోనే అడుగునున్న ఎనిమిది నోట్లు బల్ల వెనక్కి జారిపోతాయి. సరిగ్గా అప్పుడే పక్కనున్నతను ‘ఏ దేశం? ఎన్ని రోజులుంటారు?’ అని పలకరిస్తాడు. మనం అటు తల తిప్పుతాం.

పోయింది నాలుగు లక్షలు. పెద్ద రేటు వల్ల కలిసొచ్చిన 80 వేలు తీసేసినా, నికరంగా 20 డాలర్ల నష్టం. మొదట తక్కువొచ్చిన ఆ ఒక్క నోటూ పొరపాటు కాదు. మనం తప్పు పట్టుకున్నామన్న ధీమా కలిగించి, కట్టను వెనక్కి లాక్కోవడానికి వేసిన ఎర.

అందుకే ఒకటే సూత్రం: మనం లెక్కపెట్టాక కట్టను ఇంకెవరూ ముట్టుకోకూడదు. అతను ముట్టుకుంటే మళ్లీ మొదటి నోటు నుంచి లెక్కపెట్టాలి. అతను ఎన్నిసార్లు ముట్టుకుంటే అన్నిసార్లూ లెక్కపెట్టాలి. లెక్క తేలేదాకా మన డాలర్లు మన చేతిలోనే ఉండాలి. హెచ్చవేత అతని కాలిక్యులేటర్‌లో కాదు, మన ఫోన్‌లో చేసుకోవాలి.

లెక్కపెట్టేటప్పుడు నోట్ల రంగు కూడా చూడాలి. ఇన్ని సున్నాలు అలవాటు లేని కంటికి 10 వేలు, లక్ష ఒకలాగే కనిపిస్తాయి. లక్ష నోటు ఎరుపు, 50 వేలది నీలం, 20 వేలది ఆకుపచ్చ, 10 వేలది ఊదా. నీలం కట్ట మధ్యలో మరో రంగు కనిపిస్తే ఆగి చూడాలి.

ఇక దొంగనోట్ల సంగతి. బ్యాంక్ ఇండోనేషియా అక్కడి జనానికి నేర్పేది మూడు పనులు: చూడడం, తడమడం, వెలుతురుకు పట్టి చూడడం. అసలు నోటు మీద బొమ్మ, అంకెలు వేలికి గరుకుగా తగులుతాయి. వెలుతురుకు పడితే లోపల నీడబొమ్మ కనిపిస్తుంది. ముందు, వెనక విడివిడిగా ముద్రించిన గీతలు అతికినట్టు కలిసి బ్యాంక్ చిహ్నంగా ఏర్పడతాయి. నకిలీలో ఆ గీతలు సరిగ్గా కలవకపోవచ్చు. కాగితం నున్నగా జారుతుంటే అనుమానించాల్సిందే. దొంగనోటని తేలితే బ్యాంకు దానికి బదులు ఇవ్వదు. తెలిసి ఇంకొకరికి అంటగడితే అది నేరం. కాబట్టి ఈ పరీక్ష కూడా కౌంటర్ దగ్గరే పూర్తికావాలి.

అనుమతి ఉన్న మార్పిడిదారుల దగ్గర బ్యాంక్ ఇండోనేషియా ఇచ్చిన గుర్తు ఉంటుంది. దాని మీద PVA Berizin అని రాసి ఉంటుంది. రసీదు ఇస్తారు. రేటు కాస్త తక్కువే ఉండొచ్చు, 200 డాలర్లకు ఆ తేడా మహా అయితే నాలుగైదు డాలర్లు.

బల్ల దగ్గర మోసం కనిపెడితే వాదన అనవసరం. అప్పటికప్పుడు ‘కమిషన్ తీశాం’ అని మాట మార్చొచ్చు, గొంతు పెంచొచ్చు. అతని రూపియాలు అతనికిచ్చేసి, మన డాలర్లతో బయటికొచ్చేయడమే. డాలర్లు ఇచ్చేసి గడప దాటాక హోటల్ గదిలో లెక్కపెట్టి తిరిగివెళితే మాత్రం, ఆ నోట్లు మనమే తీసి దాచుకోలేదని చెప్పడానికి రుజువేమీ ఉండదు.