లోడు లెక్క తప్పితే.. గోడలో నిప్పే!
వాట్లు, వోల్టులు, ఆంపియర్లు, వైరు.. నాలుగూ కుదిరితేనే షీటు సరైనట్టు

హూడి (బెంగళూరు): స్విచ్చు వేస్తే గీజరు కాగుతుంది. ఇండక్షన్ పొయ్యి మీద పాలు పొంగుతాయి. అంతా సజావుగానే ఉందనుకుంటారు ఇంట్లోవాళ్లు. గోడలోని వైరు ఎంత వేడెక్కుతోందో మాత్రం ఎవరికీ కనబడదు. సాకెట్ నల్లబడి, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చాక గానీ ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ వెళ్లదు. అప్పటికే వైరు మీది తొడుగు పెళుసెక్కి ఉంటుంది.

కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్‌ల నడుమ ఉన్న హూడికి 2023 మార్చిలో మెట్రో వచ్చింది. ఐటీపీఎల్ దగ్గరే. ఆంధ్ర, తెలంగాణల నుంచి ఉద్యోగాల కోసం వచ్చిన కుటుంబాలు ఇక్కడి అపార్టుమెంట్లలోనూ, పాత ఇళ్ల మేడల మీదా కాపురాలు పెట్టాయి. ట్యూబులైటు, ఫ్యాను, గ్రైండరు దృష్టిలో పెట్టుకుని వైరింగ్ చేసిన ఇంట్లోకి ఇప్పుడు ఏసీ, ఓవెన్, ఇండక్షన్ ఒకేసారి దిగుతున్నాయి. అలాంటప్పుడు ఎలక్ట్రీషియన్ రాసిచ్చే ఒక పేజీ కాగితమే లోడు షీటు. దాన్ని ఇంటివాళ్లే సరిచూసుకోవచ్చు. పదో తరగతి లెక్కలు వస్తే చాలు.

నాలుగు గడులు.. ఒకటే లెక్క

షీటులో ప్రతి వరుసకూ వస్తువు పేరు, వాట్లు, వోల్టులు, ఆంపియర్లు, వైరు సైజు ఉంటాయి. పక్కనే ఎం.సి.బి. ఎంతదో రాస్తారు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. కాబట్టి 2000 వాట్ల గీజరు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. షీటులో ఈ అంకె వేరేగా ఉంటే వాట్లు తప్పో, భాగహారం తప్పో తేలాలి.

అక్కడితో పని సగమే అయినట్టు. వరుసలో రెండో లెక్క కూడా కుదరాలి. వాడే కరెంటు కంటే ఎం.సి.బి. పెద్దది కావాలి. ఎం.సి.బి. కంటే వైరు మోయగల కరెంటు పెద్దది కావాలి. ఈ వరుస ఎక్కడ తిరగబడితే అక్కడే ప్రమాదం.

వైరు ఎంత మోస్తుంది? గోడలోని పైపులో ఒక్క జతగా వేసిన రాగి వైరుకు సాధారణంగా తీసుకునే అంకెలివి. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు 13 ఆంపియర్లు, రెండున్నరది 18, నాలుగుది 24, ఆరుది 31, పదిది 42. కంపెనీని బట్టి ఒకటి రెండు ఆంపియర్లు అటూ ఇటూ ఉంటాయి. కొన్న వైరు కంపెనీ ఇచ్చే పట్టికలో ‘పైపులో వేసినప్పుడు’ అన్న గడినే చూడాలి. గోడ మీద బయటకు వేసిన వైరుకు గాలి తగులుతుంది కాబట్టి దాని అంకె ఎక్కువగా ఉంటుంది. ఆ అంకెను గోడ లోపలి వైరుకు రాసేయడం తరచూ జరిగే పొరపాటు.

షీటు చూస్తే తేలింది ఇదీ..

హూడిలో రెండు పడక గదుల ఇంటికి రాసిన షీటు ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూస్తే విషయం తేటపడుతుంది. మొదటి వరుస లైట్లు, ఫ్యాన్లు, టీవీ. అన్నీ కలిపి 500 వాట్లు, 2.2 ఆంపియర్లు. ఒకటిన్నర వైరు, 6 ఆంపియర్ల ఎం.సి.బి. రాశారు. 2.2 కంటే 6 పెద్దది, 6 కంటే 13 పెద్దది. సరిపోయింది. రెండో వరుస గీజరు. 8.7 ఆంపియర్లు, 16 ఎం.సి.బి., రెండున్నర వైరు. ఇదీ సరే.

మూడో వరుస ఒకటిన్నర టన్నుల ఏసీ. 5000 వాట్లు, 21.7 ఆంపియర్లు అని రాశారు. భాగహారం తప్పలేదు, తప్పింది వాట్ల దగ్గరే. 5000 వాట్లంటే ఆ ఏసీ గదిలోంచి లాగి పారేసే వేడి, అంటే దాని చల్లబరిచే శక్తి. అది వాడుకునే కరెంటు కాదు. లేబుల్ మీద ‘పవర్ ఇన్‌పుట్’ అని వేరే ఉంటుంది. అది 1500 వాట్ల దరిదాపుల్లో, కరెంటు 7 ఆంపియర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఏసీ లాంటి మోటారు వస్తువులకు భాగహారంతో వచ్చే అంకె కాస్త తక్కువగా వస్తుంది కాబట్టి లేబుల్ మీద ఆంపియర్లు ఉంటే వాటినే తీసుకోవాలి. ఈ తప్పుతో ఇంటికి ప్రమాదం లేదు గానీ మొత్తం లోడు 3500 వాట్లు ఊరికే పెరిగిపోతుంది. బెస్కాంకు మంజూరు లోడు పెంచమని అర్జీ పెట్టినప్పుడు కిలోవాట్ల లెక్కన కట్టే స్థిర చార్జీ ఆ మేరకు నెలనెలా పెరుగుతుంది.

నాలుగో వరుస వంటిల్లు. ఇండక్షన్ 2000, ఓవెన్ 800, మిక్సీ 750, ఫ్రిజ్ 150. మొత్తం 3700 వాట్లు, 16.1 ఆంపియర్లు. రెండున్నర వైరు, 32 ఆంపియర్ల ఎం.సి.బి. పైకి చూస్తే వైరు మోయగల 18 ఆంపియర్ల లోపే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఓవెన్ డబ్బా మీద పెద్దగా అచ్చేసే 800 వాట్లు అది తిండికి అందించే వేడి. వెనుక లేబుల్ చూస్తే లాక్కునేది 1200. పైగా 1500 వాట్ల కెటిల్‌ను షీటులో రాయనే లేదు. అసలు మొత్తం 5600 వాట్లు, అంటే 24.3 ఆంపియర్లు.

అన్నీ ఒకేసారి వేయరు కదా అంటారు. నిజమే. మిక్సీ పక్కన పెట్టినా, పొద్దున్నే పిల్లల బాక్సులు సర్దే వేళ ఇండక్షన్, ఓవెన్, కెటిల్, ఫ్రిజ్ కలిసి నడిస్తే 4850 వాట్లు. అంటే 21 ఆంపియర్లు. పద్దెనిమిదే మోసే వైరు మీద ఇరవై ఒకటి. వైరులో వేడి కరెంటుతో సమంగా పెరగదు, దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే మూడు ఆంపియర్ల తేడాకే వేడి మూడో వంతుకు పైగా పెరుగుతుంది.

పెద్ద ఎం.సి.బి. తంటా

ఇంతకూ వంటింటికి 32 ఎం.సి.బి. ఎందుకు వచ్చింది? ‘‘అన్నా, పొద్దున్నే ఊరికే పడిపోతోంది’’ అని ఇంటివాళ్లు అంటారు. ‘‘పెద్దది వేసేస్తా, ఇంక పడదు మేడమ్’’ అని పనివాడంటాడు. నిజంగానే పడదు. గృహాలకు వాడే ఎం.సి.బి. తన అంకెకు 1.13 రెట్ల వరకు గంటసేపైనా పడకుండా ఉండాలి, 1.45 రెట్లు దాటితే గంటలోపు పడాలి అన్నది దాని తయారీ ప్రమాణం. 32 ఎం.సి.బి. 36 ఆంపియర్ల దాకా గంటసేపు నోరెత్తదు. 18 ఆంపియర్ల వైరు మీద 36 వెళ్తున్నా దానికి లెక్కే లేదు. ఎం.సి.బి. ఉన్నది వైరును కాపాడటానికి. అది పడుతోందంటే వైరు మీద భారం ఎక్కువైందని చెబుతోంది. చెప్పేవాడి నోరు మూయిస్తే భారం తగ్గదు.

షాక్ నుంచి కాపాడే ఆర్.సి.సి.బి. ఉంది కదా అన్న ధీమా కూడా ఇక్కడ పనికిరాదు. అది కరెంటు భూమిలోకి కారితేనే పడుతుంది. ఎక్కువ భారానికి పడదు.

దిద్దుబాటు ఇలా

వంటింటికి రెండో లైను వేయడమే మందు. ఇండక్షన్, కెటిల్ ఒక లైనులో పెడితే 3500 వాట్లు, 15.2 ఆంపియర్లు. ఓవెన్, మిక్సీ, ఫ్రిజ్ రెండో దానిలో పెడితే 2100 వాట్లు, 9.1 ఆంపియర్లు. రెండింటికీ రెండున్నర వైరు, 16 ఎం.సి.బి. సరిపోతాయి. 1500 వాట్ల కెటిల్ కూడా 6.5 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి దాన్ని 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌లో పెట్టకూడదు, 16 ఆంపియర్లదే కావాలి.

అయితే కొత్త లైనును పాత పైపులోంచే లాగేస్తే లెక్క మళ్లీ తప్పుతుంది. ఒకే పైపులో రెండు జతలు పక్కపక్కనే వేడెక్కితే ఒక్కోటి మోయగలిగేది ఐదో వంతు తగ్గుతుంది. 18 కాస్తా 14.4 అవుతుంది. 16 ఎం.సి.బి. కంటే వైరు చిన్నదైపోయినట్టే. వేరే పైపు వేయాలి, లేదంటే రెండు జతలకూ నాలుగు సైజు వైరు వాడాలి. అప్పుడు 24లో ఐదో వంతు పోయినా 19.2 మిగులుతుంది.

చివరగా మీటరు నుంచి వచ్చే మెయిన్ వైరు. పొద్దుటి వంటింటి లోడు 4850కి గీజరు 2000, ఫ్యాన్లు, లైట్లు 300 కలిపితే 7150 వాట్లు, 31 ఆంపియర్లు. ఆరు సైజు వైరు మోసేది సరిగ్గా అంతే. కాబట్టి పది సైజు వైరు, 40 ఆంపియర్ల మెయిన్ కావాలి. బిల్లులో మంజూరు లోడు 3 కిలోవాట్లే ఉంటే ఈ కాగితం పట్టుకుని బెస్కాం ఆఫీసుకు వెళ్లి పెంచుకోవాల్సిందే.

వోల్టేజీ పడిపోతే?

షీటులో 230 అని రాసుకున్నా సాయంత్రాలు 200కు పడిపోయే చోట్లు ఉంటాయి. అప్పుడు గీజరు లాగేది 7.6 ఆంపియర్లకు తగ్గుతుంది. నీళ్లు కాగడం ఆలస్యమవుతుందంతే. ఇన్వర్టర్ ఏసీ అలా కాదు. తనకు కావలసిన వాట్లు తను తీసుకోవాలి కాబట్టి వోల్టేజీ తగ్గిన కొద్దీ ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ఏసీ వరుసలో కాస్త జాగా వదలాలనేది ఇందుకే.

కాగితం ఒప్పుకొన్నా గోడ ఒప్పుకోవాలి

షీటులో రెండున్నర అని ఉండి గోడలో ఒకటిన్నర వైరు ఉండటం పాత ఇళ్లలో మామూలే. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో డి.బి. మూత తీయించి వైరు మీద అచ్చయిన సైజు చదవాలి. ఆ చివర ఒక్కటే చూస్తే చాలదు. సాకెట్ దగ్గరా విప్పించాలి. మధ్యలో సన్న వైరు అతికి ఉంటే రెండు చివరల సైజులూ కలవవు. తర్వాత పొద్దుటి వస్తువులన్నీ వేసి క్లాంప్ మీటరుతో కరెంటు కొలిపించాలి. మీటరును ఫేజ్ వైరు ఒక్కదానికే తగిలించాలి. ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి పట్టిస్తే వచ్చేపోయే కరెంట్లు చెల్లిపోయి సున్నా చూపిస్తుంది. మీటరు అంకె, షీటు అంకె దగ్గరగా ఉంటే పని అయినట్టే. మీటరు ఎక్కువ చూపితే షీటులోకి ఎక్కని వస్తువు ఇంట్లో ఇంకేదో నడుస్తున్నట్టు.