జీఆర్ఈ మాటలు: జాబితాతో వచ్చేదెంత, చదివితే వచ్చేదెంత

కోఠీ ఫుట్‌పాత్ మీదో, విజయవాడ లెనిన్ సెంటర్లోనో పాత బారన్స్ జీఆర్ఈ పుస్తకం దొరికితే, అందులోని పదాల జాబితా ఒకసారి తిరగేయండి. చాలావాటిలో ‘ఎ’ అక్షరం పేజీలు గీతలతో, పెన్సిల్‌తో రాసిన తెలుగు అర్థాలతో నిండి ఉంటాయి. ‘సి’, ‘డి’ దాటాక పెన్సిల్ జాడే ఉండదు. ‘అబేస్’, ‘అబాష్’, ‘అబేట్’ అంటూ మొదలయ్యే ఆ జాబితాలో సుమారు 3,500 మాటలున్నాయి. పాస్‌పోర్టుకి అప్లై చేసిన రోజునే దాన్ని కొని, నెల తిరక్కుండా అటక ఎక్కించినవాళ్లు మనలో తక్కువేం కాదు.

తప్పంతా చదివేవాడి బద్ధకానిది కాదు. ఆ జాబితా వేరే పరీక్ష కోసం తయారైంది. 2011 ఆగస్టు దాకా జీఆర్ఈలో ఒక మాట ఇచ్చి దాని వ్యతిరేకార్థం అడిగేవారు, రెండు మాటల మధ్య సంబంధం పట్టుకోమనేవారు. చుట్టూ వాక్యమే ఉండదు కాబట్టి మాట తెలిస్తే మార్కు, లేకపోతే లేదు. అప్పుడు బట్టీ లాభసాటి బేరమే. ఆ తర్వాత ఆ ప్రశ్నలు తీసేశారు. ఇప్పుడు మాటను పరీక్షించే ప్రశ్నలు చాలావరకు వాక్యంలో ఖాళీ నింపేవే. 2023 సెప్టెంబరులో పరీక్షనే కుదించాక వెర్బల్ భాగంలో మిగిలినవి 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. అందులో దాదాపు సగం ఈ ఖాళీల ప్రశ్నలు.

అయితే జాబితాలు పక్కన పడేసి ఇంగ్లిషు పత్రికలు చదువుకుంటే చాలదా? మన కోచింగ్ సెంటర్లలో ‘రోజూ హిందూ ఎడిటోరియల్ చదువు’ అనే సలహా వినని విద్యార్థి ఉండడు. మంచి సలహానే, కానీ గడువుతో లెక్క కట్టి చూడాలి. నిమిషానికి 200 మాటల వేగంతో రోజుకో గంట చదివితే 12,000 మాటలు. తొంభై రోజులకు పదకొండు లక్షలకు కాస్త తక్కువ. జీఆర్ఈకి ఇష్టమైన ‘టాసిటర్న్’, ‘గారులస్’ వంటివి మామూలు రాతలో పది లక్షల మాటలకు దాదాపు ఒకటో రెండో సార్లు కనిపిస్తాయి. చదువుతూ మాట దానంతటదే ఒంటబట్టాలంటే అది పలుమార్లు ఎదురుపడాలి. అంటే మూడు నెలల చదువు ఇలాంటి మాటలను ఒకసారి పరిచయం చేసి వదిలేస్తుంది. పదేళ్లుగా ఇంగ్లిషు నవలలు చదివే అమ్మాయికి ఈ లెక్క వర్తించదు. ఆమె జాబితా తెరిచేసరికే సగం తెలిసినవై ఉంటాయి. మిగతావాళ్లకు మాత్రం జాబితా తప్పదు.

ఇంకో చిక్కుంది. ముక్కలో తెలియని మాటలు ఎక్కువైతే ఊహించడానికి ఆధారమే మిగలదు. భాషాశాస్త్రవేత్త పాల్ నేషన్ వంటివారి పరిశోధన ప్రకారం, వేరే సాయం లేకుండా సాఫీగా అర్థం కావాలంటే నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలి. కాబట్టి ఏదైనా వ్యాసంలో 300 మాటల ముక్క తీసుకుని తెలియనివి లెక్కపెట్టండి. ఆరు దాటితే, ప్రస్తుతానికి దానికన్నా తేలికైన వ్యాసం వెతుక్కోవడం మేలు.

మరి జాబితా ఎక్కడిదాకా తీసుకెళ్తుంది? ఈ పరీక్షలో ఆరు మాటలిచ్చి, వాక్యానికి ఒకే అర్థమిచ్చే రెండింటిని ఎంచుకోమనే ప్రశ్న ఒకటుంది. ఆ పద్ధతిలో ఒక వాక్యం అనుకుందాం: ‘సాధారణంగా ____గా ఉండే మంత్రి గంటసేపు మాట్లాడేసరికి విలేకరులు ఆశ్చర్యపోయారు.’ ఇచ్చిన మాటలు టాసిటర్న్, గారులస్, ఐరేట్, రెటిసెంట్, ప్రూడెంట్, లొక్వేషస్. జాబితా బాగా వచ్చినవాడికి వెంటనే రెండు జంటలు కనిపిస్తాయి. టాసిటర్న్, రెటిసెంట్ అంటే మితభాషి. గారులస్, లొక్వేషస్ అంటే వాగుడుకాయ. ‘గంటసేపు మాట్లాడేసరికి’ దగ్గర చూపు ఆగిపోయి, తొందరలో రెండో జంట పెట్టేసేవాళ్లు ఎంతోమంది. ‘సాధారణంగా’, ‘ఆశ్చర్యపోయారు’ అనే రెండు మాటలు వాక్యాన్ని అడ్డం తిప్పాయని గమనించినవాడికే మొదటి జంట దొరుకుతుంది. రెండింటిలో ఒకటి తప్పినా మార్కు రాదు, సగం మార్కు ఇవ్వరు. ఇక్కడ జాబితా రెండు జంటల దాకా తెచ్చి వదిలింది. అక్కణ్నుంచి పని వాక్యం చదవగలిగే అలవాటుది.

తెలిసిన మాటలే మోసం చేసే చోట కూడా జాబితా పెద్దగా కాపాడదు. మనకు ‘క్వాలిఫై’ అంటే పరీక్ష నెగ్గడం. జీఆర్ఈ వ్యాసంలో ‘క్వాలిఫైడ్’ పొగడ్త అంటే ఆచితూచి, షరతులు పెట్టి చేసిన పొగడ్త. ‘ఫ్లాగ్’ అంటే నీరసించడం, ‘హజ్బెండ్’ అంటే పొదుపుగా వాడుకోవడం. ఇవి జాబితాల్లో ఉంటాయి కూడా. చూడగానే తెలిసిన మాటేనని కన్ను దాటేస్తుంది, అంతే.

పుస్తకాల ఎంపిక దీన్నిబట్టే ఉండాలి. 1949లో వచ్చిన నార్మన్ లూయిస్ ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ మాటల మూలధాతువులు పట్టుకుని నేర్పుతుంది. దానికి నెలలు కావాలి కాబట్టి డిగ్రీ రెండో ఏడులో ఉన్నవాళ్లకు నేను ముందు అదే చెబుతాను. పరీక్ష తేదీ తీసుకున్నవాళ్లకు చెప్పను. పైగా ధాతువును, పోలికను నమ్ముకుంటే ‘ఎనర్వేట్’ను ఎనర్జీ అనుకునే ప్రమాదం ఉంది. దాని అర్థం నీరసపరచడం. గడువు మూడు నెలలే అయితే మాన్‌హట్టన్ ప్రెప్ కార్డుల వంటివి నయం. అవి 500 చొప్పున రెండు పెట్టెలు, ప్రతి మాటకూ వాడుక చూపే వాక్యం ఉంటుంది. అకారాది వరసలో లేకపోవడం వాటి అసలు సుగుణం. ‘అబ్జ్యూర్’, ‘అడ్జ్యూర్’ లాంటి కవల రూపాలను ఒకేరోజు నేర్చుకుంటే రెండూ కలగాపులగమవుతాయి.

వెయ్యి మాటలకు రోజుకు ఇరవై కొత్తవి చొప్పున యాభై రోజులు పడుతుంది. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన పెట్టెల పద్ధతిలో, గుర్తున్న కార్డు ఎక్కువ రోజుల విరామం ఉన్న పెట్టెలోకి వెళుతుంది, మరిచిపోయింది మళ్లీ మొదటి పెట్టెకి వస్తుంది. ఒక్కో మాటను అయిదుసార్లు తిరగేస్తారనుకుంటే రోజూ నూరు కార్డులు చూడాలి. అదే రోజుకు యాభై కొత్తవి మొదలుపెడితే 250 అవుతాయి. రెండోవారానికల్లా బాకీ పేరుకుపోయి పని ఆగేది అక్కడే. కార్డు తిప్పి చూసి ‘ఆ, ఇది తెలుసు’ అనుకోవడాన్ని లెక్కలోకి తీసుకోకండి. తిప్పకముందే అర్థం పైకి చెప్పగలిగితేనే వచ్చినట్టు.

చదవడం మొదటిరోజు నుంచే పక్కన నడవాలి, రోజుకు అరగంటయినా. సంపాదకీయాలతో పాటు సైన్సు, చరిత్ర, కళావిమర్శ వ్యాసాలు కావాలి. పరీక్ష వ్యాసాలు ఎక్కువగా ఒక పండితుడు చెప్పినదాన్ని ఇంకొకరు సవరించే ధోరణిలో నడుస్తాయి. నిన్నటి కార్డు మాట ఇవాళ్టి వ్యాసంలో ఎదురైతే ఆ వాక్యాన్ని కార్డు వెనక రాసుకోండి. పైన చెప్పిన ‘క్వాలిఫైడ్’ లాంటివాటికి ఇంతకన్నా మందు లేదు.

ఒకమాట, ఇదంతా జీఆర్ఈ సంగతి. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ రాసేవారికి టాసిటర్న్‌తో పనిలేదు. వాళ్లకు 2000లో ఆవెరిల్ కాక్స్‌హెడ్ కూర్చిన 570 పదకుటుంబాల అకడమిక్ జాబితా చాలావరకు సరిపోతుంది. 2020 నుంచి అమెరికాలో చాలా విభాగాలు జీఆర్ఈనే అడగడం మానేశాయి కాబట్టి, పుస్తకం కొనేముందు మీరు చేరదలచిన విభాగం ప్రవేశాల పేజీ చూడండి.

చివరి మూడు వారాలు కొత్త మాటలు ఆపేసి, పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థవే ప్రశ్నలు చేయాలి. పవర్‌ప్రెప్‌లో రెండు నమూనా పరీక్షలు ఉచితం. తప్పిన ప్రతి ప్రశ్న పక్కనా మాట తెలియక తప్పిందో, వాక్యం పట్టుబడక తప్పిందో రాసుకోండి. మొదటి రకం ఎక్కువుంటే ఉదయం సమయం కార్డులకు, రెండో రకం ఎక్కువుంటే చదువుకు.