పెళ్లి ఫోటోలో పెదనాన్న

పెళ్లయిన పది రోజులకు స్టూడియోకి ఫోను వస్తుంది. "బాబూ, గ్రూప్ ఫోటోలో మా బావగారు లేరు. డల్లాస్ నుంచి రాలేకపోయారు. ఆయన ఫోటో పంపిస్తాం, ఎడమ చివర నిలబెట్టగలరా?" తెలుగు ఊళ్లలో ఫోటో స్టూడియోలకు ఈ పని కొత్త కాదు. డిజైనర్ ఆయన బొమ్మను శుభ్రంగా కత్తిరిస్తాడు. ఎత్తు సరిచూస్తాడు, చర్మం రంగు కలుపుతాడు, కాళ్ల కింద నీడ గీస్తాడు. అంతా సరిగ్గానే ఉంటుంది. కానీ ఫోటో ఇంటికి వెళ్లాక పెళ్లికూతురి తల్లి ఒక్క చూపు చూసి అనేస్తుంది: "ఆయన్ని అతికించినట్టు తెలిసిపోతోందే!"

ఎందుకలా అనిపించిందో ఆమె చెప్పలేదు. ఆమె కంటికి దొరికిపోయింది మాత్రం లెన్స్. మిగతా ముప్ఫై మందీ ఒకే లెన్స్ గుండా ఆ ఫోటోలోకి వచ్చారు. పెదనాన్న వేరే దారిన వచ్చాడు.

ఏ లెన్సూ లోకాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోదు. గీతను కాస్త వంచుతుంది, రంగులను కాస్త విడదీస్తుంది, మూలలను కాస్త చీకటి చేస్తుంది. ఈ మూడు లోపాలకూ ఒక పోలిక ఉంది. మూడూ ఫోటో నడిబొడ్డున దాదాపు ఉండవు, కేంద్రం నుంచి దూరం జరిగేకొద్దీ పెరుగుతాయి. అంటే ఫోటోలో ప్రతి చోటికీ తనదైన వంపు, తనదైన రంగు చెదురు, తనదైన చీకటి ఉంటాయి. ఎడమ చివర నిలబడ్డ మనిషికి ఎడమ చివరి లోపాలే ఉండాలి. ఫోన్ కెమెరా మధ్యలో నిలబడి దిగిన పెదనాన్నకు అవేవీ లేవు. పైగా ఫోన్లు ఇలాంటి లోపాలను చాలావరకు లోపలే దిద్ది మరీ ఫోటో ఇస్తాయి. ఆయన మరీ శుభ్రంగా ఉన్నాడు, చిక్కు అక్కడే.

ఒక లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. హాలు చిన్నది, వెనక్కి జరగడానికి చోటు లేదు. ఫోటోగ్రాఫర్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 24 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టి తీశాడనుకుందాం. ఫోటో వెడల్పు 6000 పిక్సెళ్లు, ఎత్తు 4000. కేంద్రం ఎడమ అంచుకు 3000 పిక్సెళ్ల దూరంలో ఉంటుంది. పెదనాన్నను నిలబెట్టబోయే చోటు అంచు నుంచి 400 పిక్సెళ్లు లోపలికి, అంటే కేంద్రానికి 2600 పిక్సెళ్ల దూరంలో ఉంది.

మొదట ఆకారం సంగతి. ఆ చోట వెనక ఒక స్తంభం ఉంది. స్క్రీన్ మీద దాని పక్కన నిట్టనిలువు గైడ్ గీత ఒకటి లాగి చూస్తే స్తంభం నడుము బయటికి, అంటే ఎడమకు ఉబ్బి, రెండు కొసలూ లోపలికి వంగి కనిపిస్తాయి. వైడ్ లెన్స్‌ల్లో తరచూ ఉండే పీపా వంపు ఇది. పెదనాన్న చేతిలో ఊతకర్ర ఉందనుకోండి. వెనక స్తంభం విల్లులా వంగి, ముందు కర్ర స్కేలు పెట్టి గీసినట్టుంటే, రెండూ ఒకే లోకంలోవి కావని కన్ను వెంటనే పసిగడుతుంది.

వంపుతో కలిపి చాలామంది పొరబడే సంగతి మరొకటుంది. వైడ్ లెన్స్‌తో తీసిన గ్రూప్ ఫోటోలో చివర నిలబడ్డవాళ్లు ఉన్నదానికంటే లావుగా కనిపిస్తారు. ఇది లెన్స్ లోపం కాదు. గుండ్రటి వస్తువు బొమ్మ చదునైన సెన్సర్ మీద ఏటవాలుగా పడటం వల్ల వచ్చే సాగుడు. గోడ మీద టైల్స్ చతురస్రాలుగానే ఉంటాయి, తలకాయలు మాత్రం కోడిగుడ్లవుతాయి. పైన చెప్పిన లెక్క ప్రకారం ఆ చోట ఈ సాగుడు అడ్డంగా దాదాపు 19 శాతం. పీపా వంపు అందులో కొంత వెనక్కి లాగుతుంది. పక్కనున్న బాబాయి ముఖం అలా సాగి ఉండగా పెదనాన్న ముఖం సన్నగా ఉంటే, వయసులో పెద్దాయన బొమ్మలో చిన్నబోతాడు. అందుకే ముందు ఆయన్ని అడ్డంగా సాగదీసి, ఆ తర్వాతే వంపు ఇవ్వాలి. ఎంత సాగదీయాలో లెక్క దారి చూపుతుంది, పక్కవాళ్ల ముఖాలు తీర్పు చెబుతాయి.

వంపు ఇవ్వడానికి ఫోటోషాప్‌లో `Filter > Lens Correction` తెరిచి `Custom` ట్యాబ్‌లోకి వెళ్లాలి. `Remove Distortion` స్లైడర్ పీపా వంపును తీసేయడానికి పెట్టింది. దాన్ని రుణ సంఖ్యవైపు జరిపితే వంపు తీసే బదులు వంపు చేరుస్తుంది. ఇక్కడే అందరూ తప్పే మలుపు ఉంది. కత్తిరించిన బొమ్మను విడిగా ఒక చిన్న ఫైల్‌లో పెట్టి ఈ ఫిల్టర్ వేస్తే, వంపుకు కేంద్రం పెదనాన్న బొడ్డు దగ్గర పడుతుంది. ఆయనకు రెండువైపులా పొట్ట వస్తుంది. కావలసింది అది కాదు. వంపు కేంద్రం పెళ్లికూతురు, పెళ్లికొడుకుల మధ్య ఉండాలి, పెదనాన్న దాని అంచున ఉండాలి. కాబట్టి ఆయన లేయర్‌ను మొత్తం ఫోటో అంత సైజుకు, 6000 బై 4000కు, నింపాకే ఫిల్టర్ వేయాలి. అసలు ఫోటోను ఎవరో ఒకవైపు క్రాప్ చేసి ఉంటే నిజమైన కేంద్రం ఫోటో మధ్యలో ఉండదు. అప్పుడు కత్తిరించినంత మేర కాన్వాస్‌ను తిరిగి పెంచి, కేంద్రాన్ని దాని చోటికి తెచ్చుకోవాలి.

ఇక మూలల చీకటి. లెన్స్‌లోకి వెలుగు ఏటవాలుగా వచ్చేకొద్దీ సెన్సర్‌కు చేరేది తగ్గుతుంది. పాఠ్యపుస్తక సూత్రం ప్రకారం పెదనాన్న చోటికి కేంద్రంలోని వెలుగులో సగమే చేరాలి. నిజమైన లెన్స్‌లు ఆ సూత్రాన్ని అచ్చంగా పాటించవు. ఎపర్చర్ పూర్తిగా తెరిస్తే చీకటి ఎక్కువవుతుంది, f/8కు మూస్తే తగ్గుతుంది. అందుకని సూత్రాన్ని పక్కన పెట్టి గోడనే అడగాలి. ఐడ్రాపర్‌తో కొలిస్తే మధ్యలో గోడ విలువ 200, ఎడమ చివర అదే గోడ 160 అని తేలిందనుకుందాం. కుడి చివర కూడా 160 దగ్గరే ఉంటే అది లెన్స్ పని. ఒక చివరే చీకటిగా ఉంటే లైటు అటు సరిగ్గా పడలేదని అర్థం, అది వేరే సంగతి.

200 నుంచి 160కి తగ్గిందంటే 40 తీసేయమని కాదు, 0.8తో గుణించమని. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఫలితం పెద్దది. పెదనాన్న జుట్టు విలువ 30 అయితే, గుణిస్తే 24 అవుతుంది. తీసేస్తే సున్నా కిందికి పోయి జుట్టంతా మసిముద్ద అవుతుంది. పైగా చీకటి మనిషంతటికీ ఒకే మోతాదులో ఉండదు. ఆయన ఎడమ చివరి భుజం, పెళ్లిమండపం వైపు భుజం కంటే కొంచెం ఎక్కువ మసకబారాలి. అదే ట్యాబ్‌లోని `Vignette` భాగంలో `Amount`ను రుణంవైపు జరిపితే, లేయర్ ఫోటో అంత సైజులో ఉంది కనుక ఈ వాలు దానంతట అదే వస్తుంది.

మూడోది రంగు అంచు. ఇది అన్నిటికంటే సన్నది, అన్నిటికంటే మొండిది. గాజు ఒక్కో రంగును ఒక్కో మేర వంచుతుంది. దాంతో ఎరుపు బొమ్మ ఆకుపచ్చ బొమ్మ కంటే వెంట్రుకవాసి పెద్దదిగా పడుతుంది. ఎంత పెద్దదంటే, వెయ్యిలో అర వంతు అనుకుందాం. కేంద్రంలో ఆ తేడా సున్నా. 2600 పిక్సెళ్ల దూరంలో 1.3 పిక్సెళ్లు. పెదనాన్న తెల్లపంచె వెనక ముదురు స్తంభం ఉంటే, పంచె బయటి అంచున సన్నటి ఎర్రగీత, లోపలి అంచున నీలాకుపచ్చ గీత కనిపించాలి. అదే, కేంద్రం ఎత్తులో అడ్డంగా పోయే అంచు మీద ఏ గీతా ఉండదు. రంగు జారేది అంచు వెంబడే కనుక అక్కడ బయటపడదు. ఫోటోలో బాబాయి తెల్లచొక్కాను 300 శాతానికి పెంచి చూస్తే ఏ రంగు ఏ వైపు ఉందో తెలుస్తుంది. ఎపర్చర్ మూసినా ఇది పోదు. ఫోకస్ తప్పిన చోట్ల ఫోటో నడుమ కూడా కనిపించే ఊదా, ఆకుపచ్చ మసక వేరే జాతిది. దాన్ని ఈ పద్ధతిలో కలపలేరు.

`Fix Red/Cyan Fringe` స్లైడర్‌ను కొద్దిగా జరిపితే ఎరుపు జరుగుతుంది. కానీ ఇక్కడ మాస్క్ అడ్డు తగులుతుంది. బొమ్మను పదునుగా కత్తిరించారు కదా, బయటికి జారిన ఆ 1.3 పిక్సెళ్ల ఎరుపును మాస్క్ అంచు కోసేస్తుంది. అసలు ఆ రంగు అంచు పెదనాన్నది మాత్రమే కాదు. ఆయన పంచె వెలుగూ వెనక స్తంభం చీకటీ కలిసి పుట్టించేది. కాబట్టి ఆయన ఒక్కడి బొమ్మలో అది తయారు కాదు.

సినిమా విఎఫ్ఎక్స్ వాళ్లు ఈ చిక్కును ఎప్పుడో దాటారు. షూటింగ్‌లో వాడిన లెన్స్‌తోనే గళ్ల బోర్డును కూడా తీసుకుంటారు. గళ్లు ఎంత వంగాయో చూసి ఆ లెన్స్ వంపును కొలుస్తారు. ఆ కొలతతో షాట్‌ను చదును చేసి, కంప్యూటర్ బొమ్మను అందులో అమర్చి, చివర్లో మళ్లీ అదే వంపు ఇస్తారు. పెళ్లి ఫోటోకూ ఈ దారే మంచిది. అసలు ఫోటోకు ఒక కాపీ తీసి, దాని వంపు, రంగు అంచు, చీకటి మూడూ తీసేయాలి. ఆ శుభ్రమైన కాపీలో పెదనాన్నను నిలబెట్టి, రెండూ కలిపి ఒకే లేయర్ చేసి, తీసేసిన మూడింటినీ అంతే మోతాదులో తిరిగి ఇవ్వాలి. అయితే ఇలా రెండుసార్లు సాగదీస్తే ఫోటో పదును కొంత పోతుంది. అందుకే ఆ కాపీ నుంచి పెదనాన్ననూ, ఆయన చుట్టూ నాలుగైదు పిక్సెళ్లనూ మాత్రమే అసలు ఫోటో మీదికి తెచ్చుకోవాలి. మిగతా ముప్ఫై మంది ముఖాల జోలికి పోకూడదు. నాయిస్ సెన్సర్‌లో పుడుతుంది కనుక, దాన్ని కలపడం అన్నిటికంటే చివరి పని.

ఇంత శ్రమ అన్నిసార్లూ అవసరం లేదు. 12 అంగుళాల ప్రింట్‌లో 1.3 పిక్సెళ్ల రంగు అంచును ఎవరూ చూడరు. హాల్లో తగిలించే 30 అంగుళాల ఫ్రేమ్‌కు దగ్గరగా నిలబడి చూసేవాళ్లకు తెలియవచ్చు. వేళ తక్కువగా ఉంటే ముందు చీకటి, తర్వాత ఆకారం, ఆఖరున రంగు అంచు చూసుకోవాలి. ఏ సైజు ప్రింట్‌లోనైనా మొదటి రెండూ పట్టిస్తాయి.

కానీ కంటికి ఆననిది కంప్యూటర్‌కు ఆనుతుంది. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో మైకా జాన్సన్, హనీ ఫరీద్ 2006లో ఈ రంగు చెదురునే ఆధారం చేసుకుని దొంగ ఫోటోలను పట్టే పద్ధతి చూపించారు. మొత్తం ఫోటోలో రంగులు ఏ కేంద్రం నుంచి జారుతున్నాయో లెక్కగట్టి, ఏ ముక్క ఆ కేంద్రానికి లోబడటం లేదో వెతకడమే ఆ పద్ధతి. ఇంటి గోడ మీది ఫోటోను ఎవరూ అలా పరీక్షించరు. అది కోర్టుకో పత్రికకో వెళ్లే ఫోటో అయితే, అందులో లేని మనిషిని నిలబెట్టడమే తప్పు, ఎంత బాగా కలిపినా సరే.

లెన్స్ లోపాలు కలిపినంతలో అన్నీ కుదరవు కూడా. పెదనాన్న ఫోటోను మీటరు దూరం నుంచి ఫోన్‌తో తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు పడతాయి. నాలుగు మీటర్ల దూరం నుంచి తీసిన గ్రూప్‌లో ఆ ముఖం ఇమడదు. ఆ తేడా కెమెరా నిలబడ్డ చోటు వల్ల వచ్చింది, ఏ స్లైడరూ దాన్ని వెనక్కి తిప్పలేదు. అలాంటప్పుడు అనుభవమున్న డిజైనర్ ఫిల్టర్ తెరవడు, ఫోను తీస్తాడు. "అమ్మా, బావగారిని ఇంకో ఫోటో దిగమనండి. తీసేవాళ్లు ఆరడుగులు కాదు, పన్నెండు పదమూడు అడుగుల దూరం నుంచి, కెమెరా ఛాతీ ఎత్తులో పట్టుకుని తీయాలి. ఆయన ఒళ్లు కాస్త ఎడమచేతి వైపు, మండపం అటే ఉందనుకుని తిప్పి నిలబడాలి. ఇంకో మాట, వాట్సాప్‌లో మామూలు ఫోటోలా కాదు, డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి."