తొలి అద్దెలో అసలెంత, వడ్డీ ఎంత?

ఒక పెద్ద కంపెనీ షోరూము కోసం మూడేళ్లకు భవనం లీజుకు తీసుకుందనుకుందాం. ఏటా 10 లక్షల అద్దె, ఏడాది చివర కట్టాలి. ఒకప్పుడైతే కట్టినప్పుడల్లా అద్దె ఖర్చు రాసుకుంటే సరిపోయేది. 2019 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ఇండ్ ఏఎస్ 116 అమల్లోకి వచ్చాక, ఆ ప్రమాణాలు వర్తించే కంపెనీలకు ఈ పద్ధతి కుదరదు. మూడేళ్లు కట్టక తప్పని అద్దె అప్పే కాబట్టి, దాన్ని మొదటి రోజే పుస్తకాల్లో చూపాలి. ఏడాదికి మించని లీజులకు, కంప్యూటర్ల వంటి తక్కువ విలువ వస్తువులకు మినహాయింపు ఉంది.

మొదటి రోజంటే ఒప్పందంపై సంతకం పెట్టిన రోజు కాదు, భవనాన్ని వాడుకోవడానికి యజమాని అప్పగించిన రోజు. అప్పు 30 లక్షలని రాయకూడదు. ముందు ముందు కట్టే సొమ్ముకు ఈనాటి విలువ కట్టాలి. లీజులో దాగున్న వడ్డీ రేటు తెలిస్తే అది, తెలియకపోతే అదే కాలానికి, అలాంటి హామీతో తనకు అప్పు పుట్టే రేటు తీసుకోవాలి. 10 శాతం అనుకుంటే మూడు అద్దెల నేటి విలువ 9,09,091, 8,26,446, 7,51,315. మొత్తం 24,86,852 రూపాయలు. ఎంట్రీ ఇలా పడుతుంది:

వినియోగ హక్కు ఆస్తి, డెబిట్ 24,86,852
లీజు బాధ్యత, క్రెడిట్ 24,86,852

లీజు కుదుర్చుకోవడానికి బ్రోకరేజీ ఇస్తే అది ఆస్తికి మాత్రమే కలుస్తుంది. అప్పు పెరగదు.

ఏడాది గడిచి తొలి 10 లక్షలు కట్టేసరికి అప్పుపై 2,48,685 వడ్డీ అయి ఉంటుంది. ముందు ఆ వడ్డీ పోగా, మిగిలిన 7,51,315 అసలులో జమ అవుతుంది. వడ్డీ ఖర్చుకు, లీజు బాధ్యతకు డెబిట్, బ్యాంకుకు క్రెడిట్. ఇంకా 17,35,537 బాకీ. ఆస్తిపై ఏటా 8,28,951 తరుగుదల వేరుగా రాయాలి. వడ్డీతో కలిపితే తొలి ఏడాది ఖర్చు 10,77,636. కట్టిన అద్దె కన్నా ఎక్కువే. బాకీ తగ్గేకొద్దీ వడ్డీ తగ్గి, చివరి ఏడాది ఖర్చు 10 లక్షల కన్నా కిందికి దిగుతుంది.

ఎక్కువమంది తడబడేది అద్దె ముందుగా కట్టే ఒప్పందాల్లో. అప్పగించిన రోజే తొలి 10 లక్షలు ఇచ్చేస్తే దానిలో వడ్డీ ఉండదు, ఎందుకంటే వడ్డీ పుట్టడానికి కాలమే గడవలేదు. ఆ సొమ్ము నేరుగా ఆస్తిలో చేరుతుంది. అప్పు మిగతా రెండు అద్దెలకే, అంటే 17,35,537. ఆస్తి 27,35,537. ఇక్కడ అలవాటుగా తొలి చెల్లింపులోంచి వడ్డీ తీస్తే, ఆఖరి అద్దె కట్టాక కూడా లీజు బాధ్యత ఖాతాలో బాకీ మిగిలిపోతుంది. సరిగా విడదీసిన లెక్కలో అది సున్నాకు రావాలి. రూపాయో రెండో తేడా వస్తే అది పైసలు సవరించినందువల్ల. వేలల్లో ఉంటే మాత్రం తొలి చెల్లింపు తేదీని ఒప్పందంలో మళ్లీ చూడాలి.